వాన లెక్కలో సున్నా వాటా

అనంతపురం వైపు ఏ వర్షమాపక కేంద్రంలో రిజిస్టరు తెరిచినా మొదట కంటికి ఆనేవి సున్నాలే. వానాకాలం మధ్యలో కూడా అంతే. రోజూ ఉదయం 8.30 గంటలకు, అంతకు ముందటి 24 గంటల్లో గొట్టంలో చేరిన నీటిని కొలిచి, మిల్లీమీటర్లలో ఒక అంకె రాస్తారు. నిన్న సాయంత్రం నాలుగింటికి కురిసిన వాన ఈరోజు తేదీ కింద పడుతుంది. ఒక మిల్లీమీటరు అంటే చదరపు మీటరు నేల మీద ఒక లీటరు నీరు. ఏడాది మొత్తానికి ఇక్కడ పడేది సుమారు 550 మిల్లీమీటర్లు. సెప్టెంబరు నెల పేజీలో 0.0, 0.0, 0.0, 12.4, 3.2, 0.0, 0.0 ఇలా నడుస్తుంది వరస. వరసగా సున్నాలు, మధ్యలో ఉన్నట్టుండి ఒక అంకె, మళ్లీ సున్నాలు.

ఈ వరస చూసి రైతు అడిగే ప్రశ్న సూటిగా ఉంటుంది. రేపు వాన పడుతుందా, పడితే ఎంత? వినడానికి ఇది ఒకే ప్రశ్న. లెక్కలోకి దిగితే మాత్రం ఇందులో రెండు వేర్వేరు ప్రశ్నలున్నాయి. మొదటిదానికి జవాబు అవును, కాదు అనే రెండు మాటల్లో ఒకటి. రెండోదానికి జవాబు ఏ అంకె అయినా కావచ్చు, దశాంశాలతో సహా. ఈ రెంటినీ ఒకే గీతలో పట్టుకోవడం ఎలాగో, పట్టుకోకపోతే ఎంత పెద్ద తప్పు జరుగుతుందో చెప్పడానికే ఈ వ్యాసం.

సంభావ్యత పాఠాల్లో యాదృచ్ఛిక చలరాశులను రెండు రకాలుగా చెబుతారు. పాచిక వేస్తే ఒకటి నుంచి ఆరు దాకా ఏదో ఒకటి పడుతుంది. ఒక్కో అంకెకూ దాని వాటా సంభావ్యత ఉంటుంది, అన్ని వాటాలూ కూడితే ఒకటి. ఇది విచ్ఛిన్న రకం. మనిషి ఎత్తు అలా కాదు, 165, 166 సెంటీమీటర్ల మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. సరిగ్గా ఒకే ఒక్క విలువ దగ్గర సంభావ్యత సున్నా, ఒక మేరకు మాత్రమే సంభావ్యత ఉంటుంది. ఇది అవిచ్ఛిన్న రకం. రోజువారీ వాన ఈ రెంటిలో దేనికీ పూర్తిగా చెందదు. సున్నా దగ్గర అది పాచికలా ప్రవర్తిస్తుంది. సున్నా దాటగానే ఎత్తులా ప్రవర్తిస్తుంది. దీన్ని మిశ్రమ యాదృచ్ఛిక చలరాశి అంటారు. సున్నా అనే ఒకే బిందువు మీద పేరుకున్న సంభావ్యత ముద్దకు గణితంలో ఆటమ్ అని పేరు.

అంకెలతో చూద్దాం. కిందివి లెక్క సులువుగా సాగడానికి నేను ఎంచుకున్నవి, ఏ ఒక్క కేంద్రం రికార్డూ కాదు. మెట్ట ప్రాంతపు సెప్టెంబరు ఎలా ఉంటుందో ఊహించుకోవడానికి మాత్రం సరిపోతాయి. 30 ఏళ్ల సెప్టెంబరు నెలలు తీసుకున్నామనుకోండి, మొత్తం 900 రోజులు. వాటిలో 630 రోజులు చుక్క పడలేదు. మిగిలిన 270 రోజుల్లో వాన పడింది, పడిన రోజున సగటు 10 మిల్లీమీటర్లు. అంటే ఏదో ఒక సెప్టెంబరు రోజున వాన లేకపోయే సంభావ్యత 0.7, పడే సంభావ్యత 0.3. పడిన రోజుల్లో చిన్న జల్లులే ఎక్కువ, పెద్ద వానలు అరుదు. ఇలా మొదట ఎత్తుగా ఉండి క్రమంగా పలచబడే తీరుకు అన్నిటికంటే సరళమైన గీత ఘాతీయ విభాజనం. ప్రస్తుతానికి దాన్నే వాడదాం.

ఇప్పుడు ఈ 900 రోజులను బొమ్మ గీయాలనుకుంటే మొదటి అడుగులోనే చిక్కు వస్తుంది. అవిచ్ఛిన్న రాశికి మామూలుగా సాంద్రత గీత వేస్తాం, ఆ గీత కింది వైశాల్యమే సంభావ్యత. కానీ సున్నా అనే బిందువుకు వెడల్పు లేదు. వెడల్పు లేని చోట 0.7 వైశాల్యం కావాలంటే గీత ఎత్తు అనంతం కావాలి. రెండో పక్క చూడండి. రిజిస్టరులో సరిగ్గా 10.0 అని ఎన్నిసార్లు కనిపించాలి? కొలత పదో వంతు మిల్లీమీటరు దాకానే కాబట్టి 10.0 అంటే 9.95కీ 10.05కీ మధ్య ఏదైనా. మన లెక్క ప్రకారం దాని సంభావ్యత 0.0011, అంటే 900 రోజుల్లో దాదాపు ఒక్కసారి. కొలత ఇంకా సన్నగా చేస్తే, వందో వంతు దాకా చూస్తే, ఆ ఒక్కసారి కూడా పదో వంతుకు తగ్గిపోతుంది. సున్నా మాత్రం 630 సార్లు అలాగే నిలబడుతుంది. పనిముట్టు ఎంత సూక్ష్మమైనా కరగకుండా మిగిలే ఈ గుణమే సున్నాను పక్కనున్న ఏ అంకె నుంచైనా వేరు చేస్తుంది.

సాంద్రత గీత చేయలేని పనిని సంచిత విభాజన ప్రమేయం ఏ ఇబ్బందీ లేకుండా చేస్తుంది. అది అడిగేది ఒకే ప్రశ్న: వాన x మిల్లీమీటర్లు గానీ, అంతకంటే తక్కువ గానీ ఉండే సంభావ్యత ఎంత? దాని జవాబే F(x). సంఖ్యారేఖ మీద ఎడమ చివర నుంచి కుడికి నడుస్తూ, దారిలో తగిలిన సంభావ్యతనంతా మూట కట్టుకుంటూ పోతున్నామనుకోండి. రుణసంఖ్యల్లో వాన లేదు కాబట్టి సున్నా చేరేదాకా మూట ఖాళీ. సున్నా మీద కాలు పెట్టగానే ఒక్క ఉదుటున 0.7 మూటలో పడుతుంది. అక్కడి నుంచి గీత నున్నగా, కొంచెం కొంచెంగా పైకి లేస్తూ ఒకటి వైపు సాగుతుంది. ఎక్కడా కిందికి దిగదు, ఒకటిని దాటదు.

దీన్ని రాతలో పెడితే ఇలా ఉంటుంది:

x < 0 అయితే F(x) = 0

x ≥ 0 అయితే F(x) = 0.7 + 0.3 (1 − e^(−x/10))

రెండో వరుసలో మొదటి 0.7 సున్నా వాటా. తర్వాతది వాన పడే 0.3 వాటా, దాన్ని ఘాతీయ గీత మెల్లగా పంచిపెడుతోంది. x స్థానంలో సున్నా వేస్తే కుండలీకరణంలోది మాయమై 0.7 మిగులుతుంది. గీత సున్నా దగ్గర 0 నుంచి 0.7కు ఎగిరింది, ఆ ఎగురు ఎత్తే సున్నా సంభావ్యత. ఇది ఏ సంచిత ప్రమేయానికైనా చెల్లే సూత్రం: గీత ఎక్కడ ఎంత ఎత్తు ఎగిరితే ఆ బిందువుకు అంత సంభావ్యత, నున్నగా సాగిన చోట ఏ ఒక్క బిందువుకూ ఏమీ ఉండదు. అందుకే సున్నా దగ్గర ‘తక్కువ’ అన్న మాటకూ ‘తక్కువ లేదా సమానం’ అన్న మాటకూ మధ్య 0.7 తేడా ఉంటుంది. 10 దగ్గర ఆ రెండు మాటలూ ఒకటే.

ఈ గీతతో అవసరమైనవి చదువుకోవచ్చు. భారత వాతావరణ శాఖ లెక్కలో 2.5 మిల్లీమీటర్లు, ఆపైన పడితేనే దాన్ని వర్షపు రోజు అంటారు. F(2.5) విలువ 0.766. కాబట్టి అంతకు మించే సంభావ్యత 0.234, నెలకు సుమారు ఏడు రోజులు. చినుకు పడ్డ రోజులు తొమ్మిది, వర్షపు రోజులు ఏడు. మధ్యలో జారిపోయిన ఆ రెండు రోజులూ దుమ్ము అణచడానికే తప్ప విత్తనానికి పదును ఇవ్వడానికి పనికిరాని జల్లులు. 50 మిల్లీమీటర్లు దాటే సంభావ్యత 0.002, అంటే సుమారు 495 రోజులకు ఒకటి, పదహారు పదిహేడు సెప్టెంబర్లకు ఒక్క రోజు.

ఇక సగటు. వానపడిన రోజుల సగటు 10 కాబట్టి మొత్తం రోజుల సగటు 0.3 × 10, అంటే రోజుకు 3 మిల్లీమీటర్లు. నెల మొత్తం 90. ఈ నెల మొత్తం చెరువులకు, జలాశయాలకు పనికొచ్చే అంకె. రోజుకు 3 అన్నది మాత్రం ఏ రోజునూ పోలదు. సగం రోజులు ఏ విలువకు దిగువన ఉంటాయో చెప్పే మధ్యగతం సున్నా, ఎందుకంటే సగాన్ని సున్నా ఒక్కటే మింగేసింది. నిజానికి 70 శాతం దాకా ఏ వంతు అడిగినా జవాబు సున్నాయే. తొంభై శాతం రోజులు ఏ విలువకు దిగువన ఉంటాయని అడిగితే అప్పుడు 11 మిల్లీమీటర్లు వస్తుంది.

ఈ పద్ధతి తెలియని చోట జరిగే తప్పును అదే దత్తాంశం మీద చూపిస్తాను. ఎవరో 900 అంకెలనూ ఒకే కుప్పగా పోసి, సగటు 3 అని తేల్చి, 3 సగటున్న ఒకే ఘాతీయ గీతను మొత్తానికి తొడిగారనుకోండి. సగటు సరిపోయింది, నెల మొత్తం 90 కూడా సరిపోయింది. పైకి తప్పేమీ కనిపించదు. కానీ ఆ గీత ప్రకారం చుక్క వాన లేని రోజంటూ ఉండదు, రోజూ ఎంతో కొంత తుంపర. 2.5 దాటే రోజులు నెలకు పదమూడు వస్తాయి, ఉండాల్సింది ఏడు. ఇక 50 మిల్లీమీటర్ల వాన? ఆ గీత లెక్కలో సుమారు 1.73 కోట్ల రోజులకు ఒకసారి. మిశ్రమ గీత లెక్కలో 495 రోజులకు ఒకసారి. ఒకే సగటు, ఒకే దత్తాంశం, సున్నాలను ఎలా చూశామన్నదొక్కటే తేడా. మొదటి గీతను నమ్మి కల్వర్టు కట్టినవాళ్లు వరదను ఎన్నడూ రానిదిగా లెక్కవేస్తారు. అదే గీతను నమ్మి వేరుశనగ పంటకు సలహా రాసినవాళ్లు బెట్టను గమనించనే గమనించరు.

ఇలాంటి తప్పును పట్టుకోవడం కష్టమేమీ కాదు. రిజిస్టరులోని అంకెలను చిన్న నుంచి పెద్దకు పేర్చి, ఒక్కో అంకె దగ్గర 900లో ఎంత వాటా దానికి సమానంగానో దిగువనో ఉందో గీస్తే దత్తాంశపు సొంత సంచిత గీత వస్తుంది. దాని మీద మనం తొడిగిన గీతను పరచి చూడాలి. దత్తాంశం సున్నా దగ్గర 0.7 ఎత్తుకు నిట్టనిలువుగా లేస్తే, మన గీత అక్కడ నేల నుంచి మెల్లగా బయలుదేరితే, తేడా కంటికే తెలుస్తుంది. సగటులు, మొత్తాలు దాచిపెట్టిన సంగతిని ఈ బొమ్మ బయటపెడుతుంది.

నా లెక్కకూ ఒక పరిమితి ఉంది. ఘాతీయ గీత మధ్యరకం వానలకు బాగానే సరిపోతుంది, పెద్ద వానల దగ్గర చాలదు. వాతావరణ శాఖ వర్గీకరణలో భారీ వర్షం 64.5 మిల్లీమీటర్ల దగ్గర మొదలవుతుంది. మన గీత ప్రకారం అది సుమారు 70 సెప్టెంబర్లకు ఒక రోజు. వాస్తవంలో వాయుగుండాలు తెచ్చే వానలు ఇంతకంటే తరచుగానే ఆ గీటు దాటుతాయి. అందుకే పరిశోధకులు వానపడిన రోజులకు ఎక్కువగా గామా విభాజనం వాడతారు. చిన్న జల్లులు ఇంకా ఎక్కువగా, పెద్ద వానల తోక ఇంకా పొడవుగా ఉండేలా దాన్ని మలచుకోవచ్చు. కానీ గామా లెక్కల్లో వాన విలువకు సంవర్గమానం తీయాలి, సున్నాకు సంవర్గమానం లేదు. ఇక్కడ కొందరు సున్నాలన్నిటినీ 0.01గా మార్చి లెక్క నడిపిస్తారు. యంత్రం మొరాయించదు, జవాబు వస్తుంది. ఆ జవాబు మాత్రం మనం పెట్టిన 0.01ని బట్టి మారిపోతుంది, 0.001 పెడితే ఇంకో జవాబు. సున్నాలను విడిగా లెక్కపెట్టి, గామాను వానపడిన 270 రోజులకే తొడిగితే ఈ బెడద ఉండదు.

ఇంతకీ రిజిస్టరులో సున్నా అంటే ఏమిటి? ఇది తేలికగా తీసుకోవాల్సిన ప్రశ్న కాదు. ఆకాశం నుంచి చుక్క రాలకపోతే సున్నా. నాలుగు చినుకులు పడి, కొలిచే గాజు గొట్టంలో 0.1 కూడా రాకపోతే దాన్ని లేశమాత్రం అని గుర్తు పెడతారు, మొత్తాల్లోకి వెళ్లేసరికి అదీ సున్నాయే. ఆటోమేటిక్ మాపకాల్లో చిన్న తొట్టె నిండి ఒరిగితేనే లెక్క పడుతుంది. తొట్టె 0.2 మిల్లీమీటర్లదైతే 0.15 వాన ఆ రోజు కనిపించదు, తొట్టెలోనే ఆగిపోయి ఎండకు ఆవిరైపోవచ్చు. అంటే మన 0.7లో కొంత ఆకాశానిది, కొంత పనిముట్టుది. అందుకే ఒకే ఊళ్లో పాత మాపకం తీసి కొత్తది పెడితే పొడి రోజుల సంఖ్య మారినట్టు కనిపిస్తుంది, వాతావరణం మారకపోయినా.

ఇంతకంటే హానికరమైన సున్నా ఇంకొకటుంది. ఆ రోజు ఎవరూ కొలవలేదు, గడి ఖాళీగా ఉండిపోయింది, తర్వాత కంప్యూటరులో ఎక్కించేటప్పుడు ఖాళీ గడి సున్నాగా మారింది. దీన్ని కనిపెట్టే దారి పక్క కేంద్రాలే. చుట్టూ ఉన్న మూడు మండలాల్లో 40, 50 మిల్లీమీటర్లు పడి మధ్యలో ఒక్కటే నెలంతా సున్నా చూపిస్తే అది వానలేమి కాకపోవచ్చు, కొలత లేకపోవడం కావచ్చు. గీత ఆకారం ఈ తేడాను చెప్పలేదు, ఎగురు కాస్త ఎత్తవుతుంది, అంతే.

ఈ ఎగురు పెద్ద వ్యవహారాల్లోకి కూడా వస్తుంది. కరవును అంచనా వేయడానికి ప్రపంచమంతటా వాడే సూచికల్లో ఒకటి ప్రామాణిక వర్షపాత సూచిక. 1993లో అమెరికాలోని కొలరాడో స్టేట్ యూనివర్సిటీకి చెందిన మెక్కీ, డోస్కెన్, క్లైస్ట్ దీన్ని ప్రతిపాదించారు. పద్ధతి ఇది: ఒక నెల వానను తీసుకుని, చాలా ఏళ్ల రికార్డుతో వేసిన సంచిత గీత మీద అది ఎంత ఎత్తున ఉందో చూస్తారు. ఆ ఎత్తును ప్రామాణిక గంట గీత మీది విలువగా మారుస్తారు. ఎత్తు 0.5 అయితే సూచిక సున్నా, అంటే మామూలు నెల. దిగువైతే రుణం, పొడి. పైనైతే ధనం, తడి. ఒకటి నుంచి ఒకటిన్నర మధ్య వస్తే ఒక మోస్తరు తడి నెల అని వర్గీకరిస్తారు. ఈ సూచికలోని సంచిత ప్రమేయం కూడా మనం పైన రాసిన రకమే: సున్నా వాటా, దానికి కలిపిన గామా భాగం.

ఇప్పుడు రాయలసీమ ఎండు ప్రాంతంలో ఫిబ్రవరి తీసుకోండి. 30 ఏళ్లలో 27 ఫిబ్రవరులు చుక్క పడలేదనుకుందాం. ఈ ఏడాది కూడా పడలేదు. సున్నా దగ్గర సంచిత గీత ఎత్తు 0.9. దాన్ని గంట గీత మీదికి మారిస్తే సూచిక +1.28 వస్తుంది. అంటే చుక్క వాన లేని నెలకు ఒక మోస్తరు తడి నెల అన్న ముద్ర పడుతుంది! లెక్కలో ఎక్కడా కూడిక తప్పలేదు. ఎగురు పైకొసను చదవడమే తప్పు. సున్నా వచ్చిన 27 ఏళ్లూ ఒకదానికొకటి సమానం, వాటన్నిటినీ పైకొస దగ్గర నిలబెట్టడం న్యాయం కాదు. 2015లో స్టాగ్, ఆయన సహచరులు సూచించిన సవరణ ఈ ఎగురు నడిమధ్యను పట్టుకుంటుంది. అప్పుడు ఎత్తు సుమారు 0.45, సూచిక -0.1 దగ్గర ఆగుతుంది. మామూలు నెల అన్నమాట. ఫిబ్రవరిలో వాన పడకపోవడం అక్కడ మామూలే కాబట్టి జవాబు నేలకు దగ్గరగా ఉంది. జిల్లా పటం మీద రంగులు వేసేవాళ్లు ఈ ఒక్క సంగతి చూసుకోవాలని నా గట్టి అభిప్రాయం. ఎండు నెలలకు ఒకే నెల సూచిక వాడే బదులు మూడు నెలల మొత్తం తీసుకుంటే సున్నాలే తగ్గిపోతాయి, అది ఇంకా మేలు.

సంచిత గీతను తిరగేసి కూడా వాడవచ్చు. పంట నమూనాలు నడిపేవాళ్లకు వందల ఏళ్ల ఊహా వానలు కావాలి. సున్నాకూ ఒకటికీ మధ్య ఏదో ఒక అంకెను కంప్యూటరు చేత ఎంపిక చేయించి, గీత ఆ ఎత్తును ఎక్కడ తాకుతుందో చూస్తారు. 0.7, అంతకు దిగువ ఏది వచ్చినా ఆ రోజు వాన సున్నా, నిలువు ఎగురు ఆ ఎత్తులన్నిటినీ ఆపేస్తుంది. 0.85 వస్తే 6.9 మిల్లీమీటర్లు. 0.97 వస్తే 23. ఇలా గీసిన వెయ్యి రోజుల్లో దాదాపు ఏడు వందలు పొడిగానే వస్తాయి.

కానీ ఆ వెయ్యి రోజులను వరసగా చదివితే ఏదో తేడా కొడుతుంది. పొడి రోజులు నెలంతా సమంగా చల్లినట్టు ఉంటాయి. ఒకదానితో ఒకటి సంబంధం లేని రోజులనుకుంటే వరసగా పది రోజులు వాన లేకపోయే సంభావ్యత 0.7ను పదిసార్లు గుణించినంత, అంటే 0.028 మాత్రమే. నిజమైన సెప్టెంబరులో వాన రోజులు గుంపుగా వస్తాయి, బెట్ట కూడా గుంపుగానే వస్తుంది. నిన్న వాన పడిన ఊళ్లో ఈరోజు పడే అవకాశం, నిన్న పొడిగా ఉన్న ఊళ్లో కంటే ఎక్కువ. సంచిత ప్రమేయానికి ఒక రోజు గురించే తెలుసు, రోజుల వరస గురించి తెలియదు. 21 పొడి రోజులు నెలంతా విడివిడిగా వచ్చినా, ఒకే వరసలో వచ్చి వేరుశనగ ఊడలు నేలలో దిగకుండా ఎండగొట్టినా గీత ఒకేలా ఉంటుంది.

ఈ లోటును పూడ్చడానికి 1962లో గేబ్రియల్, న్యూమన్ టెల్ అవీవ్ నగరపు వానలను తీసుకుని, ఈరోజు తడి పొడి అన్నది నిన్నటి మీద ఆధారపడే మార్కోవ్ గొలుసుగా రాశారు. 1981లో రిచర్డ్‌సన్ దానికి వాన పరిమాణం కోసం ఘాతీయ విభాజనాన్ని జోడించాడు. వాళ్ల అమరికలో 0.7 అనే ఒకే అంకె స్థానంలో రెండు అంకెలుంటాయి: నిన్న పొడి అయితే ఈరోజు పొడి అయ్యే సంభావ్యత ఒకటి, నిన్న తడి అయితే ఈరోజు పొడి అయ్యే సంభావ్యత ఇంకొకటి. మన ఉదాహరణకు మొదటిది 0.8 అనుకుంటే, మొత్తం మీద 0.7 నిలవడానికి రెండోది 0.467 కావాలి. అప్పుడు ఒక పొడి రోజు తర్వాత ఇంకో తొమ్మిది పొడి రోజులు రావడం 0.8ను తొమ్మిదిసార్లు గుణించినంత, మొదటి పొడి రోజు 0.7తో కలిపితే 0.094. పది రోజుల బెట్ట మూడు రెట్లకు పైగా పెరిగింది. ఏ ఒక్క రోజుకూ వేసిన సంచిత గీత మాత్రం సున్నా దగ్గర అదే 0.7 ఎత్తుకు ఎగిరి, అదే దారిలో ఒకటి వైపు సాగుతుంది.